గుండెలో స్టెంట్, రోజూ రెండు మాత్రలు: ముందే ఆపితే ఏమవుతుంది, ఎంతకాలం వాడాలి

కర్ణాటకలోని తుమకూరు జిల్లాకు చెందిన పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ ఊళ్లే. ఇళ్లలో ఎక్కువగా తెలుగే వినిపిస్తుంది, కాగితాలు కన్నడంలోనో ఇంగ్లీషులోనో వస్తాయి. గుండెజబ్బు చేస్తే ఇక్కడివాళ్లు ఎటు పోవాలన్నా దూరమే. జిల్లా కేంద్రం తుమకూరు సుమారు 100 కిలోమీటర్లు, జయదేవ హృద్రోగ సంస్థ ఉన్న బెంగళూరు 150 కిలోమీటర్ల పైమాట. సరిహద్దు దాటితే పుట్టపర్తిలో 1991 నుంచి ఉచితంగా గుండె వైద్యం చేస్తున్న సత్యసాయి ఆసుపత్రి ఉంది. స్టెంట్ ఒక ఊళ్లో వేస్తారు, మాత్రలు మరో ఊళ్లో కొంటారు, పన్ను నొప్పికో నడుము నొప్పికో మూడో ఊళ్లో చూపించుకుంటారు. స్టెంట్ తర్వాత తప్పనిసరిగా వాడాల్సిన రెండు మాత్రల చికిత్స తెగిపోయేది ఈ మూడు ఊళ్ల మధ్యనే. ఈ చికిత్సను వైద్యులు ద్వంద్వ ప్లేట్‌లెట్ నిరోధక చికిత్స అంటారు, ముద్దుగా డ్యాప్ట్ అని పిలుస్తారు. జనం నోట అది ‘రక్తం పలచబడే మాత్రలు’. దీన్ని ఎంతకాలం వాడాలన్న ప్రశ్నకు అందరికీ సరిపోయే ఒక్క అంకె లేదు. ఒక్క నెలతో మొదలై ఏడాది దాటేదాకా గడువు మారుతుంది. అయితే ఆ గడువును నిర్ణయించాల్సింది రోగి గుండె, అతనికి వేసిన స్టెంట్, అతనికున్న రక్తస్రావ ముప్పు తెలిసిన వైద్యుడు. మందుల చీటీలో మాత్రలు అయిపోవడం ఆ గడువును నిర్ణయించకూడదు. ఇన్నేళ్ల పరిశోధనలన్నీ చివరికి చేరిన చోటు ఇదేనని ఈ వ్యాసం వాదన.

ముందు స్టెంట్ దగ్గర ఏం జరుగుతుందో చూడాలి. గుండె కండరానికి రక్తం తెచ్చే కరోనరీ ధమనిలో కొవ్వు పేరుకుని దారి ఇరుకైనప్పుడు, చివర బెలూన్ ఉన్న సన్నని గొట్టాన్ని మణికట్టు నుంచో తొడ నుంచో లోపలికి పంపుతారు. బెలూన్‌ను ఉబ్బించి, దాని మీద ముడుచుకుని ఉన్న లోహపు జాలీని ధమని గోడకు అదిమి వదులుతారు. దారి తెరుచుకుంటుంది, నొప్పి పోతుంది, రోగి రెండు మూడు రోజుల్లో ఇంటికి వెళ్తాడు. కానీ లోపల రెండు కొత్త సంగతులు మిగిలాయి. బెలూన్ ఒత్తిడికి ధమని లోపలి పొర చిరిగింది, ఆ చిరుగు మీదే ఒక పరాయి లోహం కూర్చుంది. గాయాన్నీ పరాయి వస్తువునీ చూసి పనిలోకి దిగడం ప్లేట్‌లెట్ల స్వభావం. వేలు తెగినప్పుడు మనల్ని కాపాడేవి అవే. అదే పని మూడు మిల్లీమీటర్ల వెడల్పున్న ధమనిలో చేస్తే ఆ ధమని మూసుకుపోతుంది. దీన్నే స్టెంట్ థ్రాంబోసిస్ అంటారు. రాతి గోడ మీద గార కమ్మినట్టు, వారాలూ నెలలూ గడిచేకొద్దీ ధమని లోపలి పొర కణాలు జాలీ తీగల మీదుగా పాకి వాటిని కప్పేస్తాయి. ఆ కప్పు పూర్తయ్యేదాకా ప్రతి తీగా రక్తానికి ఎదురుగానే ఉంటుంది. అన్నాళ్లూ ప్లేట్‌లెట్లను అదుపులో పెట్టేవే ఈ రెండు మాత్రలు.

రెండెందుకు, ఒకటి చాలదా అని అడిగితే జవాబు ప్లేట్‌లెట్ పనితీరులోనే ఉంది. ఒక ప్లేట్‌లెట్ ఉత్తేజపడగానే పక్కవాటిని పిలవడానికి ప్రధానంగా రెండు రసాయనాలు వదులుతుంది. మొదటిది థ్రాంబాక్సేన్. దాని తయారీని ఆస్పిరిన్ ఆపుతుంది. మన దేశంలో మామూలుగా ఇచ్చే మోతాదు రోజుకు 75 మిల్లీగ్రాములు. రెండోది ఏడీపీ. అది వచ్చి తగిలే గ్రాహకాన్ని క్లోపిడోగ్రెల్, ప్రసుగ్రెల్, టికాగ్రెలార్‌లలో ఏదో ఒకటి మూసేస్తుంది. క్లోపిడోగ్రెల్ 75 మిల్లీగ్రాములు రోజుకొకసారి, టికాగ్రెలార్ 90 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు. ఒక దారి మాత్రమే మూస్తే రెండో దారిన పిలుపు వెళ్తూనే ఉంటుంది. చాలామందికి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కలిపిన ఒకే మాత్ర ఇస్తారు. అందులో ఉన్నవి రెండు మందులని రోగికి తెలియకపోతే, ‘ఒకటే కదా మానేశాను’ అనుకుని రెండింటినీ ఒకేసారి వదిలేసే ప్రమాదం ఉంది.

ఈ జత అవసరమని వైద్యలోకం సులువుగా తెలుసుకోలేదు. మనిషి గుండెలో మొదటి స్టెంట్‌ను 1986లో ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో జాక్ ప్యుయెల్ వేశారు. అదే ఏడాది స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో ఉల్రిక్ సిగ్వార్ట్ కూడా వేశారు. 1991లో తొలి రోగుల ఫలితాలు అచ్చయ్యేసరికి స్టెంట్లలో దాదాపు నాలుగో వంతు మూసుకుపోయినట్టు తేలింది. అప్పట్లో వైద్యులు నమ్ముకున్నది వార్ఫరిన్ లాంటి గడ్డకట్టనివ్వని మందులను. వాటివల్ల రక్తస్రావం ఎక్కువయ్యేది, స్టెంట్ మాత్రం మూసుకుపోతూనే ఉండేది. 1996లో జర్మనీలో జరిగిన ఐసార్ పరిశోధన ఆ మందుల పక్కన ఆస్పిరిన్, టిక్లోపిడిన్ జతను పెట్టి పోల్చింది. టిక్లోపిడిన్ క్లోపిడోగ్రెల్‌కు ముందు తరం మందు. పాత పద్ధతిలో స్టెంట్ పెట్టిన ధమని మూసుకుపోయినవారు 5.4 శాతం, కొత్త జతలో 0.8 శాతం. 1998లో స్టార్స్ అనే అమెరికా పరిశోధన ఇంకొంత స్పష్టత తెచ్చింది. మొదటి నెలలో ఇబ్బందులు వచ్చినవారు ఆస్పిరిన్ ఒక్కటే వాడినవాళ్లలో 3.6 శాతం, ఆస్పిరిన్ వార్ఫరిన్ కలిపి వాడినవాళ్లలో 2.7 శాతం, ప్లేట్‌లెట్ మందులు రెండూ వాడినవాళ్లలో 0.5 శాతం. ‘రక్తం పలచబడే మాత్ర’ అనే మాటలో వార్ఫరిన్ కూడా చేరిపోతుంది కాబట్టి ఈ తేడాను గుర్తుపెట్టుకోవాలి. స్టెంట్‌ను కాపాడేది ప్లేట్‌లెట్‌ను ఆపే మందే, వార్ఫరిన్ దాని బదులు సరిపోదు.

ఆ తర్వాత మందుపూత స్టెంట్లు వచ్చాయి. ఉత్త లోహపు స్టెంట్‌లో కొన్ని నెలలకు మచ్చకణజాలం అతిగా పెరిగి దారి మళ్లీ ఇరుకయ్యేది. దాన్ని అరికట్టడానికి సిరోలిమస్, పాక్లిటాక్సెల్ లాంటి కణవృద్ధి నిరోధక మందులను తీగల మీద పూశారు. 2003 నుంచి అవి అమెరికాలో వాడకంలోకి రావడం మొదలైంది. మళ్లీ ఇరుకవడం బాగా తగ్గింది. కానీ అతిగా పెరిగే కణాలను ఆపిన మందే, తీగలను కప్పాల్సిన కణాలను కూడా ఆలస్యం చేసింది. మందుపూత స్టెంట్ వేసుకుని ఏడాది దాకా బాగున్నవాళ్లు మందులు ఆపగానే ధమని మూసుకుని ఆసుపత్రికి వచ్చిన ఉదంతాలను 2004లో లాన్సెట్ పత్రిక అచ్చువేసింది. మరణించినవారి ధమనులను పరిశీలించిన రోగనిర్ధారణ నిపుణులకు నెలలు దాటినా కప్పు పడని తీగలు కనిపించాయి. 2005లో అమెరికా వైద్యసంఘం పత్రికలో వచ్చిన ఐరోపా అధ్యయనం 2,229 మందిని తొమ్మిది నెలలు గమనించింది. మొత్తంమీద స్టెంట్ మూసుకుపోయినవాళ్లు 1.3 శాతమే. గడువుకు ముందే మందులు ఆపినవాళ్లను విడిగా చూస్తే మాత్రం ఆ అంకె 29 శాతం. అలా మూసుకుపోయినవాళ్లలో 45 శాతం మంది చనిపోయారు. ఆపినవాళ్ల సంఖ్య చిన్నది కాబట్టి 29 అన్న అంకెను అక్షరాలా పట్టుకోనక్కర్లేదు. తొలితరం స్టెంట్ల నాటి లెక్క అది. అయినా స్టెంట్ మూసుకుపోవడమంటే గుండెనొప్పి తిరగబెట్టడం కాదనీ, దాదాపు ఇద్దరిలో ఒకరి ప్రాణం తీయగల సంఘటన అనీ వైద్యులు గట్టిగా గ్రహించింది అప్పుడే.

ఎవరు ఆపుతారన్న ప్రశ్నకు 2006లో వచ్చిన ప్రీమియర్ అధ్యయనం చక్కటి జవాబిచ్చింది. గుండెపోటు వచ్చి మందుపూత స్టెంట్ వేయించుకున్న 500 మందిలో 68 మంది, అంటే దాదాపు ఏడుగురిలో ఒకరు, నెల తిరిగేసరికే రెండో మాత్ర మానేశారు. తర్వాతి పదకొండు నెలల్లో మానేసినవాళ్లలో 7.5 శాతం మంది చనిపోయారు, కొనసాగించినవాళ్లలో 0.7 శాతం. మానేసినవాళ్లు సగటున వయసులో పెద్దవాళ్లు, చదువు తక్కువైనవాళ్లు, ఖర్చుకు భయపడి వైద్యం వాయిదా వేసేవాళ్లు, ఆసుపత్రి నుంచి వెళ్లేటప్పుడు మందుల గురించి సరైన సూచనలు అందనివాళ్లు. ఇది అమెరికా లెక్క, కానీ ఆ నాలుగు కారణాలూ పావగడ చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా ఉండేవే. దీన్ని రోగి నిర్లక్ష్యం అని కొట్టిపారేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. కారణాలను చూస్తే సగం తప్పు రోగి చేతికి ఇచ్చిన కాగితానిదే.

ఆ కాగితం ఎలా దారి తప్పిస్తుందో ఒక ఊహాత్మక ఉదాహరణతో చూద్దాం. పావగడ తాలూకాలో ఒక పల్లె, షుగర్ ఉన్న 58 ఏళ్ల వేరుశనగ రైతు. జనవరి 10న గుండెపోటుతో బెంగళూరు తీసుకెళ్లారు. గుండె ముందు భాగానికి రక్తం ఇచ్చే పెద్ద ధమనిలో మందుపూత స్టెంట్ వేసి 13న పంపించారు. చీటీలో ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కలిపిన మాత్ర ఎదురుగా 0-1-0 అనీ, దాని పక్కన 30 రోజులు అనీ రాసి ఉంది. కింద నెల తర్వాత చూపించుకోవాలని మరో వాక్యం. రాసిన వైద్యుడి ఉద్దేశం, నెలకు సరిపడా మాత్రలు తీసుకుని మళ్లీ వస్తే కొనసాగింపు రాస్తాననే. రైతుకు అర్థమైంది మాత్రం ముప్పై రోజుల కోర్సు అని. జ్వరానికి ఐదు రోజుల కోర్సు రాసినట్టే ఇదీ అనుకున్నాడు. నొప్పి లేదు, నడిస్తే ఆయాసం లేదు. బెంగళూరు పోయి రావాలంటే ఒక రోజు కూలి, ఇద్దరి బస్సు ఛార్జీలు. ఫిబ్రవరి 12న ఆఖరి మాత్ర అయిపోయింది.

ఇక అతని రక్తంలో ఏం జరుగుతుందో రోజులవారీగా చెప్పవచ్చు. ఆస్పిరిన్ గానీ క్లోపిడోగ్రెల్ గానీ తాకిన ప్లేట్‌లెట్ తన జీవితకాలమంతా పనికిరాకుండా పోతుంది. ప్లేట్‌లెట్ ఆయుష్షు వారం నుంచి పది రోజులు. ఎముక మజ్జ రోజుకు సుమారు పదో వంతు కొత్తవాటిని విడుదల చేస్తుంది. కాబట్టి మొదటి రోజు మాత్ర తప్పినా పెద్ద తేడా ఉండదు. నాలుగో రోజుకు మూడో వంతుకు పైగా కొత్త ప్లేట్‌లెట్లు, ఐదు నుంచి ఏడు రోజులకు గడ్డకట్టే శక్తి దాదాపు మామూలు స్థాయి. అంటే ఫిబ్రవరి మూడో వారానికి, స్టెంట్ వేసి నలభై రోజులు నిండేలోపే, తీగలకు ఇంకా కప్పు సరిగా పడని స్టెంట్ ఎదుట ఏ కాపలా లేదు. ఆ మార్పును రోగి గుర్తించే దారే లేదు, ఎందుకంటే రక్తం మామూలుగా గడ్డకట్టడానికి నొప్పి ఉండదు. షుగర్, గుండెపోటు రెండూ ఉన్నవాళ్లలో ప్లేట్‌లెట్లు మరింత చురుగ్గా ఉంటాయి. అతను మార్చిలో మళ్లీ మాత్ర మొదలుపెట్టినా రోజుకు 75 మిల్లీగ్రాముల క్లోపిడోగ్రెల్ పూర్తి ప్రభావం చూపడానికి మళ్లీ ఐదారు రోజులు పడుతుంది. అందుకే మందు తెగిపోయినవాళ్లకు మళ్లీ మొదలుపెట్టేటప్పుడు 300 లేదా 600 మిల్లీగ్రాముల పెద్ద మోతాదు ముందుగా ఇవ్వాలా అని వైద్యుడు ఆలోచిస్తాడు. ఒక పూట మరిచిపోతే అదే రోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోవాలి, మరుసటి రోజు రెండు వేసుకోకూడదు. కానీ వారం తెగితే ఇంట్లోనే సర్దుకోవడం కాదు, స్టెంట్ వేసిన ఆసుపత్రికి ఫోన్ చేయాలి. టికాగ్రెలార్ విషయంలో వ్యవధి ఇంకా తక్కువ. అది ప్లేట్‌లెట్‌ను శాశ్వతంగా పట్టుకోదు కాబట్టి మూడు నుంచి ఐదు రోజుల్లోనే దాని ప్రభావం పోతుంది. రోజుకు రెండు మాత్రల్లో ఒకటి మిగిల్చి పొదుపు చేద్దామనుకునేవాళ్లు రోజూ కొన్ని గంటలు కాపలాను సడలిస్తున్నట్టే.

స్టెంట్ మూసుకుపోవడం చాలావరకు హఠాత్తుగా జరుగుతుంది. ఛాతీ మధ్యలో బరువు, చెమటలు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, కొందరికి వాంతి. ‘గ్యాస్’ అనుకుని సోడా తాగి పడుకున్న ప్రతి అరగంటా గుండె కండరం చచ్చిపోతూ ఉంటుంది. నగరంలో అయితే గంటలోపు క్యాథ్‌ల్యాబ్‌కు చేర్చి గడ్డను తీయవచ్చు. పావగడ పల్లె నుంచి తుమకూరుకో బెంగళూరుకో ప్రయాణమే గంటలు తింటుంది. కర్ణాటక ప్రభుత్వం 2023లో మొదలుపెట్టిన పునీత్ రాజ్‌కుమార్ హృదయ జ్యోతి పథకంలో తాలూకా ఆసుపత్రిలోనే ఈసీజీ తీసి పెద్ద ఆసుపత్రి వైద్యులకు పంపుతారు, గడ్డ కరిగించే టెనెక్టెప్లేజ్ ఇంజెక్షన్ ఉచితంగా ఇస్తారు. మామూలు గుండెపోటుకు ఇది నిజంగా ప్రాణం నిలిపే ఏర్పాటు. స్టెంట్ లోపలి గడ్డ మాత్రం ప్లేట్‌లెట్లతో నిండి ఉంటుంది. ఈ ఇంజెక్షన్ కరిగించేది ఫైబ్రిన్ పోగులను, ప్లేట్‌లెట్లను కాదు. అందుకే అలాంటి గడ్డ దానికి సరిగా లొంగదు. ఇంజెక్షన్ ఇచ్చినా రోగిని క్యాథ్‌ల్యాబ్‌కు తరలించక తప్పదు. స్టెంట్ మూసుకుపోయే అవకాశం బెంగళూరు మనిషికీ పావగడ మనిషికీ ఒకటే కావచ్చు. మూసుకుపోయాక బతికే అవకాశం మాత్రం దూరాన్ని బట్టి మారుతుంది. ఆ లెక్కన మాత్ర విలువ దూరం పెరిగేకొద్దీ పెరుగుతుంది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. 2013లో లాన్సెట్‌లో వచ్చిన పారిస్ అనే పరిశీలన 5,018 మంది స్టెంట్ రోగులను రెండేళ్లు వెంబడించింది. గుండెపోటు, మరణం లాంటి చెడు సంఘటనల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు రెండు మందులూ సరిగా వాడుతున్నవాళ్లలోనే జరిగాయి. మందు ఆపడం అంత భయంకరమైతే ఇదెలా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మొదటి సమాధానం లెక్కల్లో ఉంది. వాడేవాళ్ల సంఖ్యే చాలా ఎక్కువ కాబట్టి సంఘటనల మొత్తం కూడా వాళ్లలోనే ఎక్కువ ఉంటుంది. చూడాల్సింది ఒక్కో మనిషికి ముప్పు ఎంత పెరిగిందన్నది. రెండో సమాధానం ఇంకా విలువైనది. ఆ పరిశీలన ఆపడాన్ని మూడు రకాలుగా విడదీసింది. వైద్యుడు ఇక చాలని చెప్పి ఆపినది ఒకటి. ఆపరేషన్ కోసం కొద్దిరోజులు ఆపి మళ్లీ మొదలుపెట్టినది రెండోది. రక్తస్రావం వల్లనో రోగి మానేయడం వల్లనో అర్ధాంతరంగా తెగిపోయినది మూడోది. మొదటి రకంలో ముప్పు పెరగలేదు, పైగా తక్కువే కనిపించింది. రెండో రకంలోనూ చెప్పుకోదగ్గంత పెరగలేదు. మూడో రకంలో, మందు తెగిన మొదటి వారంలో ముప్పు ఏడు రెట్లు, ఆ తర్వాత నెల దాకా రెండు రెట్లు, నెల దాటాక కొద్దిపాటి పెరుగుదల. వైద్యుడు ఆపమన్నవాళ్లు మొదటినుంచీ ముప్పు తక్కువ ఉన్నవాళ్లే కావచ్చునన్న సందేహం ఉంది, దాన్ని కాదనలేం. అయినా భయపడాల్సింది అర్ధాంతరంగా తెగిపోవడానికేనని ఈ విభజన చూపిస్తోంది. ఆపడం అనే ఒకే మాట కింద పూర్తిగా వేరైన సంగతులు ఉన్నాయన్నమాట.

గడువు ఎంతన్న ప్రశ్నను ఇప్పుడు చూడవచ్చు. గుండెపోటు వచ్చి స్టెంట్ వేయించుకున్నవాళ్లకు ఐరోపా, అమెరికా మార్గదర్శకాలు రెండూ చెప్పే మామూలు గడువు 12 నెలలు. ఈ ఏడాది అంకెకు మూలం 2001 నాటి క్యూర్ పరిశోధన. గుండెపోటు లాంటి హఠాత్ లక్షణాలతో వచ్చిన 12,562 మందిలో ఆస్పిరిన్‌కు క్లోపిడోగ్రెల్ జోడిస్తే గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణం కలిపి 11.4 శాతం నుంచి 9.3 శాతానికి తగ్గాయి. పెద్ద రక్తస్రావాలు 2.7 నుంచి 3.7 శాతానికి పెరిగాయి. అంటే ఏడాది గడువు స్టెంట్ ఒక్కదాని కోసం పెట్టినది కాదు. గుండెపోటు తెచ్చిన రక్తనాళాల జబ్బు మొత్తాన్ని అది కాస్తుంది. గుండెపోటు లేకుండా, నడిస్తే వచ్చే ఛాతీనొప్పికి ముందుగా తేదీ పెట్టుకుని స్టెంట్ వేయించుకున్నవాళ్లకు మామూలు గడువు 6 నెలలు. రక్తస్రావ ముప్పు బాగా ఎక్కువ ఉన్నవాళ్లకు దాన్ని మూడు నెలలకో, కొన్నిసార్లు ఒక నెలకో తగ్గిస్తారు. బాగా వయసు మీరినవాళ్లు, మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లు, రక్తహీనత ఉన్నవాళ్లు, ఇంతకుముందు కడుపులో రక్తస్రావమైనవాళ్లు ఈ కోవలోకి వస్తారు. ఏడాది దాటి కొనసాగిస్తే ఏమవుతుందో 2014లో దాదాపు పదివేల మందిపై జరిగిన డ్యాప్ట్ అనే పరిశోధనే చూసింది. 30 నెలలు వాడినవాళ్లలో స్టెంట్ మూసుకుపోవడం 0.4 శాతం, 12 నెలలకు రెండో మందు ఆపినవాళ్లలో 1.4 శాతం. కానీ రక్తస్రావం 1.6 నుంచి 2.5 శాతానికి పెరిగింది, మొత్తం మరణాలు కూడా కాస్త ఎక్కువే కనిపించాయి. అందుకే ఎక్కువకాలం వాడితే ఎక్కువ మేలు అనే సూత్రం పనిచేయదు. ఏడాది తర్వాత కూడా రెండూ కొనసాగించడం కొద్దిమందికే, ఎంచి ఇచ్చే చికిత్స.

రెండో అభ్యంతరం ఇక్కడే పుడుతుంది. ఇటీవలి పరిశోధనలు నెల, మూడు నెలలు చాలంటుంటే ఏడాది పట్టుదల ఎందుకు? ఇప్పటి స్టెంట్లు నిజంగానే మెరుగైనవి. తొలితరం మందుపూత స్టెంట్ తీగ మందం 130 నుంచి 140 మైక్రాన్లు, ఇప్పటివాటిది 80 అటూ ఇటూ, సూరత్‌లో తయారయ్యే కొన్ని భారతీయ స్టెంట్లలో 60 మైక్రాన్లే. సన్నని తీగ మీద కప్పు త్వరగా పడుతుంది. రక్తస్రావ ముప్పు ఎక్కువ ఉన్నవాళ్ల మీద 2021లో జరిగిన మాస్టర్ డ్యాప్ట్ పరిశోధనలో, నెల తర్వాత ఒకే మందుకు దిగినా గుండె సంఘటనలు పెరగలేదు, రక్తస్రావం 9.4 నుంచి 6.5 శాతానికి తగ్గింది. 2019లో ట్వైలైట్ పరిశోధన, మూడు నెలల తర్వాత ఆస్పిరిన్ వదిలేసి టికాగ్రెలార్ ఒక్కటే కొనసాగించినవాళ్లలో గుండె సంఘటనలు పెరగకుండానే రక్తస్రావం 7.1 నుంచి 4 శాతానికి తగ్గిందని చూపింది. అయితే ఈ పరిశోధనల్లో ఎవరూ రెండు మందులనూ మానేయలేదన్నది గమనించాలి. ఒకటి తీసేసి మరొకటి తప్పకుండా ఉంచారు, అదీ తొలి నెలలు ఏ ఇబ్బందీ లేకుండా గడిపినవాళ్లలోనే. ఏది ఉంచాలన్నది కూడా చిన్న విషయం కాదు. 2022లో జపాన్‌లో గుండెపోటు లాంటి లక్షణాలతో వచ్చినవాళ్లకు నెల, రెండు నెలల తర్వాత ఆస్పిరిన్ ఆపి బలం తక్కువైన క్లోపిడోగ్రెల్ ఒక్కటే ఇచ్చి చూస్తే, గుండెపోట్లు 0.9 నుంచి 1.6 శాతానికి పెరిగాయి. కాబట్టి ‘ఇప్పుడు నెల చాలంట’ అనే వార్త మన ఊహాత్మక రైతుకు వర్తించదు. అతనికి షుగర్ ఉంది, గుండెపోటు వచ్చింది, అతను ఆపింది రెండు మందులనూ.

మందు ఆపడానికి జనం చెప్పే కారణాల్లో రక్తస్రావ భయం అన్నిటికంటే సమంజసమైనది. గడ్డం గీసుకుంటే రక్తం త్వరగా ఆగదు, తగిలిన చోట నల్లగా కములుతుంది, పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తుంది. ఇవి మందు పనిచేస్తోందనడానికి గుర్తులు, ఆపడానికి కారణాలు కావు. తారులా నల్లని, జిగట విరేచనం, రక్తపు వాంతి, మూత్రంలో ఎర్రదనం, అంతకుముందు ఎరగని తీవ్రమైన తలనొప్పి మాత్రం వేరే సంగతి. అప్పుడు వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, అక్కడే ఏ మందు ఉంచాలో ఏది తీయాలో తేలుస్తారు. కడుపును కాపాడే మాత్ర చీటీలో ఉంటే దాన్ని ‘గ్యాస్ మాత్రే కదా’ అని వదిలేయకూడదు. పొట్టలో రక్తస్రావం తగ్గించడమే దాని పని. క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లకు వైద్యులు మామూలుగా పాంటొప్రజోల్ రాస్తారు. ఓమెప్రజోల్ కాలేయంలో క్లోపిడోగ్రెల్‌ను చురుకైన రూపంలోకి మార్చే ఎంజైమ్‌కు అడ్డుపడుతుంది కాబట్టి మందుల షాపులో ఒకదాని బదులు ఒకటి ఇప్పించుకోవడం మంచిది కాదు.

పావగడకు ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉంది. ఇక్కడి బోర్ల నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ, ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగినవాళ్లలో పళ్ల మీద గారే కాదు, కీళ్లు, నడుము బిగుసుకునే నొప్పులు కూడా వస్తాయి. నొప్పి భరించలేక డైక్లోఫెనాక్ సూదికో ఐబుప్రొఫెన్ మాత్రకో అలవాటుపడిన మనిషికి స్టెంట్ పడితే రెండు వైపుల నుంచీ దెబ్బ. ఈ నొప్పి మందులు కడుపులో పుండు చేసి రక్తస్రావాన్ని పెంచుతాయి, గుండెపోటు ముప్పును కూడా కొంత పెంచుతాయి. పైగా ఐబుప్రొఫెన్‌ను ఆస్పిరిన్‌కు ముందు వేసుకుంటే, ఆస్పిరిన్ ప్లేట్‌లెట్‌లో చేరాల్సిన చోట అదే కూర్చుని దాన్ని పనిచేయనివ్వదు. రోగి రోజూ ఆస్పిరిన్ మింగుతున్నా దాని ఫలితం దక్కకపోవచ్చు. చివరికి కడుపులో రక్తస్రావమైతే నింద పడేది స్టెంట్ మాత్రల మీద, ఆపేదీ వాటినే. నొప్పికి ముందుగా వాడదగినది పారాసిటమాల్. సూది వేసే మనిషికి ‘నాకు స్టెంట్ ఉంది’ అని చెప్పడం రోగి పని, ఏ సూది వేస్తున్నారో అడగడం ఇంట్లోవాళ్ల పని.

పన్ను తీయించుకోవడానికి ఈ మందులు ఆపనక్కర్లేదు. దంతవైద్యుడు గుడ్డతో అదిమి, కుట్టు వేసి రక్తాన్ని ఆపగలడు. చిగురు నుంచి కొంతసేపు రక్తం కారడానికీ గుండె ధమని మూసుకుపోవడానికీ పోలికే లేదు. పెద్ద ఆపరేషన్లు వేరు. కంతి, హెర్నియా లాంటి వాయిదా వేయగలిగినవాటిని, మామూలు స్టెంట్ తర్వాత ఆరు నెలలకు, గుండెపోటు తర్వాత ఏడాదికి నెట్టడం మేలు. ఆగలేని ఆపరేషన్ అయితే వీలైనంతవరకు స్టెంట్ వేసి కనీసం నెల గడిచాక చేస్తారు, గుండెపోటు తర్వాతైతే మూడు నెలలు గడిచేదాకా చూస్తారు. ఆస్పిరిన్‌ను ఉంచి, క్లోపిడోగ్రెల్‌ను ఐదు రోజుల ముందు, ప్రసుగ్రెల్‌ను ఏడు రోజుల ముందు, టికాగ్రెలార్‌ను మూడు నుంచి ఐదు రోజుల ముందు ఆపి, ఆపరేషన్ అయ్యాక వీలైనంత త్వరగా మళ్లీ మొదలుపెడతారు. ఈ లెక్క శస్త్రవైద్యుడూ గుండె వైద్యుడూ మాట్లాడుకుని వేయాలి. వాళ్లు వేర్వేరు రాష్ట్రాల్లో ఉన్నా ఒక్క ఫోన్‌తో తేలే పని ఇది. అందుకు కావాల్సింది స్టెంట్ వేసిన తేదీ, ఏ ధమనిలో వేశారు, ఏ రకం స్టెంట్ అన్న మూడు వివరాలు. ఆసుపత్రి ఇచ్చే స్టెంట్ కార్డులోనో డిశ్చార్జి కాగితంలోనో అవి ఉంటాయి. ఆ కాగితం ఫొటో ఫోన్‌లో ఉంటే ఏ ఊళ్లో చూపించుకున్నా పనికొస్తుంది. రెండో మందు ఏ నెలలో ఆపాలో కూడా అదే కాగితం మీద తేదీతో రాయించుకోవాలి. ‘30 రోజులు’ అన్న రాత తెచ్చే గందరగోళం అక్కడితో పోతుంది.

ఖర్చు, ఇబ్బంది అనేవి ఆపడానికి కాక మార్చుకోవడానికి కారణాలు. టికాగ్రెలార్ ధర క్లోపిడోగ్రెల్ కంటే ఎక్కువ. పైగా ప్లేటో అనే పెద్ద పరిశోధనలో దాన్ని వాడినవాళ్లలో దాదాపు 14 శాతం మందికి ఊపిరి అందనట్టు అనిపించింది. గుండెజబ్బు మనిషికి ఆయాసం అంటే భయం సహజం, అందుకని మాత్ర మానేస్తారు. వైద్యుడికి చెబితే సరైన మోతాదుతో క్లోపిడోగ్రెల్‌కు మారుస్తాడు. ఆ మాత్ర జన ఔషధి కేంద్రాల్లో చవకగా దొరుకుతుంది. ఇక గడువు పూర్తయిన రోజున ఆగేది రెండు మందుల్లో ఒకటే. రెండోది, మామూలుగా ఆస్పిరిన్, కొందరికి క్లోపిడోగ్రెల్, జీవితాంతం ఉంటుంది. గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉండి గడ్డకట్టనివ్వని మందు వాడాల్సినవాళ్లకు ఈ లెక్క వేరు. వాళ్లకు ఆస్పిరిన్‌ను కొద్దిరోజుల్లోనే తీసేసి, క్లోపిడోగ్రెల్‌ను ఆ మందుతో కలిపి ఆరు నెలలో ఏడాదో ఇచ్చి, తర్వాత గడ్డకట్టనివ్వని మందు ఒక్కటే ఉంచుతారు. కలిపిన మాత్ర వాడుతున్నవాళ్లు గడువు రోజున ఆ మాత్రను ఊరికే ఆపేయకూడదు. దాని స్థానంలో విడి ఆస్పిరిన్ గానీ విడి క్లోపిడోగ్రెల్ గానీ ఏది వేసుకోవాలో ముందే రాయించుకుని, మరుసటి రోజు నుంచే అది మొదలుపెట్టాలి.